వాగు దాటి వచ్చిన కుటుంబాన్ని వెనక్కి పంపవచ్చా?

ప్రశ్న: మేడమ్, నేను న్యాయశాస్త్రం చదువుతున్నాను. అంతర్జాతీయ న్యాయం పేపరులో మాకు ఈ సమస్య ఇచ్చారు. మయన్మార్‌లో సైనిక పాలనను విమర్శిస్తూ వార్తలు రాసిన ఒక విలేకరి, భార్యతో, అయిదేళ్ల కూతురితో తమూ నుంచి మణిపూర్‌లోని మోరే గేటుకు వచ్చాడు. ప్రాణభయం ఉందని చెప్పినా భారత సిబ్బంది వారిని గేటు దగ్గరి నుంచే వెనక్కి పంపారు. రెండు రోజుల తర్వాత ఆ కుటుంబం వాగు దాటి అడవి దారిన వచ్చి మోరే పక్క ఊళ్లో తలదాచుకుంది. పోలీసులు పట్టుకుని, పాస్‌పోర్టు లేకుండా ప్రవేశించారని కేసు పెట్టారు. ఇప్పుడు తిప్పి పంపబోతున్నారు. వారి తరఫున వాదించాలి, ప్రభుత్వ వాదనలకు జవాబు చెప్పాలి. నేను శరణార్థుల ఒప్పందం 33వ అధికరణం రాసి, భారత్ సంతకం చేయలేదు కాబట్టి వర్తించదని ముగించాను. ఇరవైకి ఆరు మార్కులు వచ్చాయి. ఎక్కడ పొరపాటు చేశాను?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

సమాధానం:

అమ్మా,

నువ్వు రాసినంతవరకు తప్పు లేదు. 1951 శరణార్థుల ఒప్పందంలో గాని, 1967 ప్రోటోకాల్‌లో గాని భారత్ చేరలేదు. ప్రాణానికి ముప్పు ఉన్న చోటికి శరణార్థిని తిప్పి పంపరాదనే 33వ అధికరణం ఒప్పందంగా మన ప్రభుత్వాన్ని బంధించదు. కానీ నువ్వు ఆగిన చోటు నుంచే అసలు సమాధానం మొదలవుతుంది. ఈ పాఠం చెప్పిన ఇన్నేళ్లలో సగం పేపర్లు సరిగ్గా అదే వాక్యం దగ్గర ముగియడం చూశాను. చూసిన ప్రతిసారీ బాధపడ్డాను, ఎందుకంటే నిజమైన కోర్టులో నిజమైన కుటుంబం నిలబడి ఉన్నప్పుడు వారి న్యాయవాది ఆ వాక్యం చెప్పి కూర్చుంటే, ఆ సాయంత్రానికే వారు తమూలో సైనికుల చేతిలో ఉంటారు.

ఇలాంటి ప్రశ్న చేతికి రాగానే చేయవలసిన మొదటి పని, కథను కాలక్రమంలో రెండు ముక్కలు చేయడం. గేటు దగ్గర జరిగింది ఒకటి, వాగు దాటిన తర్వాత జరిగింది ఇంకొకటి. నువ్వు రెండింటినీ కలిపేశావు. ఈ రెండింటికీ వర్తించే న్యాయం వేరు, వాదన బలం కూడా వేరు. సమాధానంలో రెండోదాన్ని ముందు రాయమంటాను. కోర్టు ఈ రోజు ఆపగలిగేది దాన్నే, మన వాదన గట్టిగా ఉన్నదీ అక్కడే.

కుటుంబం ఇప్పుడు భారత భూమి మీద, భారత పోలీసుల అదుపులో ఉంది. కాబట్టి వెతకవలసింది మన రాజ్యాంగంలో. 19వ అధికరణం పౌరులకే హక్కులిస్తుంది. 21వ అధికరణం మాత్రం ఏ వ్యక్తి ప్రాణాన్ని గాని, స్వేచ్ఛను గాని చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప హరించరాదంటుంది. అందులో ఉన్న మాట పౌరుడు కాదు, వ్యక్తి. అరుణాచల్‌లోని చక్మాలను ఊళ్లు వదిలి వెళ్లగొడతామని బెదిరించినప్పుడు, జాతీయ మానవ హక్కుల కమిషన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996లో ఇదే చెప్పింది: పౌరుడైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్నీ కాపాడవలసిన బాధ్యత రాజ్యానిది.

ఇక్కడ నీకు ఒక సందేహం రావాలి. విలేకరి ప్రాణాన్ని తీసేది మయన్మార్ సైన్యమైతే, భారత ప్రభుత్వం 21వ అధికరణాన్ని ఉల్లంఘించినట్టు ఎలా అవుతుంది? నాన్-రిఫౌల్‌మెంట్, అంటే ముప్పు ఉన్న చోటికి మనిషిని తిప్పి పంపరాదన్న సూత్రం, దాని సారమంతా ఈ ప్రశ్నకు జవాబులోనే ఉంది. ఎదుట ఉన్న ప్రమాదం తెలిసి, మనిషిని ఆ ప్రమాదం చేతికి అప్పగించడం మనం చేసే పని. దెబ్బ వేరొకరు వేయవచ్చు, అప్పగింత మాత్రం మనదే. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికను పర్యవేక్షించే ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల సంఘం ఆ ఒడంబడికలోని 7వ అధికరణాన్ని, అంటే చిత్రహింసల నిషేధాన్ని, 1992 నుంచి ఇలాగే వ్యాఖ్యానిస్తోంది. ఈ ఒడంబడికలో భారత్ 1979లోనే చేరింది. శరణార్థుల ఒప్పందం మీద సంతకం లేదన్న మాట ఈ ఒడంబడికకు వర్తించదు. దేశీయ చట్టం మౌనంగా ఉన్నచోట, మనం ఆమోదించిన అంతర్జాతీయ ఒడంబడికలను ప్రాథమిక హక్కుల అర్థంలోకి చదువుకోవచ్చని విశాఖ అనే సంస్థ పేరుతో పిలిచే కేసులో సుప్రీంకోర్టు 1997లో చెప్పింది. కాబట్టి నీ మెట్లు ఇవి: ఒడంబడికలో ప్రాణహక్కును చెప్పే 6వ అధికరణం, చిత్రహింసలను నిషేధించే 7వ అధికరణం, అక్కడి నుంచి విశాఖ తీర్పు, అక్కడి నుంచి 21వ అధికరణం.

చాలామంది మెట్లు ఎక్కకుండా, ఈ సూత్రం సంతకాలతో పనిలేకుండా దేశాలను బంధించే ఆచార అంతర్జాతీయ న్యాయం కాబట్టి భారత్ పాటించాలి అని ఒక్క వాక్యం రాస్తారు. ఆ వాదన ఉంది, రాయి, కానీ బరువంతా దాని మీద వేయకు. ఆచార న్యాయం పార్లమెంటు చట్టంతో తగువు పడితే మన కోర్టుల్లో చట్టమే నిలుస్తుంది. విదేశీయులను పంపివేసే అధికారాన్ని చట్టం కేంద్రానికి ఇచ్చిందని ప్రభుత్వ న్యాయవాది లేచి చెప్పగానే నీ వాదన కూలిపోతుంది. 21వ అధికరణం ఆ చట్టం కంటే పైన ఉంటుంది, అది కూలదు.

ఇప్పుడు నీ ప్రశ్నకు ముడిసరుకైన కేసు. నీ పేపరు తయారుచేసిన వారు దీన్ని చూసే రాశారని నాకు గట్టి అనుమానం. 2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైన్యం అధికారాన్ని లాక్కుంది. మార్చిలో మిజ్జిమాతో సహా అయిదు వార్తాసంస్థల అనుమతులు రద్దు చేసింది. మిజ్జిమాతో సంబంధం ఉన్న పాత్రికేయులు, వారి కుటుంబ సభ్యులు, పిల్లలతో కలిపి ఏడుగురు సరిహద్దు దాటి మోరే ప్రాంతానికి చేరుకున్నారు. వారిని ఢిల్లీకి సురక్షితంగా చేర్చాలని, అక్కడ ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థకు అర్జీ పెట్టుకోనివ్వాలని కోరుతూ మానవ హక్కుల న్యాయవాది నందితా హక్సర్ మణిపూర్ హైకోర్టులో రిట్ పిటిషన్ వేశారు. 2021 మే 3న ప్రధాన న్యాయమూర్తి పి.వి. సంజయ్ కుమార్, న్యాయమూర్తి లనుసుంగ్‌కుమ్ జమీర్ తీర్పు ఇచ్చారు. సంజయ్ కుమార్ గారు హైదరాబాద్ హైకోర్టులో చాలాకాలం న్యాయమూర్తిగా పనిచేసినవారు, మనవారికి తెలిసిన పేరే.

ఆ తీర్పు నుంచి మూడు విషయాలు తీసుకో. 21వ అధికరణం పరిధిలో నాన్-రిఫౌల్‌మెంట్ కూడా ఉందని ప్రాథమికంగా తోస్తోందని కోర్టు అంది. ప్రాథమికంగా అన్న మాటను నీ సమాధానంలో వదిలేయకు, అది లేకుండా రాస్తే తీర్పును పెంచి చెప్పినట్టవుతుంది. దేశ భద్రతకు ప్రమాదకరమైన వ్యక్తికి ఈ రక్షణ ఉండదన్న షరతు కూడా అక్కడే ఉంది. ఇక మూడోది, నా మనసుకు అన్నిటికంటే దగ్గరిది: ఈ మనుషులు మన చట్టాలను ఉల్లంఘించాలన్న ఉద్దేశంతో సరిహద్దు దాటలేదని, ప్రాణానికీ స్వేచ్ఛకూ ముంచుకొచ్చిన ముప్పు నుంచి పారిపోయి వచ్చారని కోర్టు గుర్తించింది. వారిని సాధారణ వలసదారులతో కలిపి చూడడానికి ఒప్పుకోలేదు. వారు ఢిల్లీ చేరడానికి సురక్షితమైన ప్రయాణ ఏర్పాటు చేయమని ఆదేశించింది.

ఇంతటితో ఆగితే పన్నెండు మార్కులు రావచ్చు. మిగిలినవి ప్రభుత్వ వాదనకు ఇచ్చే జవాబులో ఉన్నాయి. మణిపూర్ తీర్పుకు నెల రోజుల ముందు, 2021 ఏప్రిల్ 8న, సుప్రీంకోర్టు మహమ్మద్ సలీముల్లా కేసులో ఒక మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాలను మయన్మార్‌కు పంపకుండా ఆపాలన్న అభ్యర్థన అది. 14, 21 అధికరణాలు పౌరులు కానివారికి కూడా వర్తిస్తాయని ఒప్పుకుంటూనే, దేశం నుంచి పంపివేయబడకుండా ఉండే హక్కు 19వ అధికరణంలోని నివాస హక్కుకు అనుబంధమని, అది పౌరులకే చెందుతుందని కోర్టు చెప్పింది. అడిగిన ఉపశమనం ఇవ్వలేదు. నిర్దేశించిన పద్ధతి పాటించకుండా మాత్రం పంపరాదని ఆదేశించింది.

ప్రభుత్వ న్యాయవాది లేచి మొదట చదివేది ఈ ఉత్తర్వునే. దీన్ని దాచిపెట్టి సమాధానం రాయకూడదు, ఎదుర్కోవాలి. ఎదుర్కొనే దారులు ఉన్నాయి. ఇది మధ్యంతర ఉత్తర్వు, ప్రధాన కేసు మీద తుది నిర్ణయం కాదు. అక్కడ ప్రభుత్వం అంతర్గత భద్రతకు ముప్పు ఉందని గట్టిగా ఆరోపించింది. మణిపూర్ కోర్టు తన ఎదుట ఉన్నవారిపై అలాంటి మచ్చ లేదని చెప్పి ఈ తేడానే పట్టుకుంది. నీ విలేకరి కుటుంబం మీద కూడా ప్రశ్నలో భద్రతా ఆరోపణ ఏదీ లేదు, అయిదేళ్ల పిల్ల మీద ఉండే అవకాశమే లేదు.

అంతకంటే లోతైన జవాబు ఇంకొకటి ఉంది. సలీముల్లా ఉత్తర్వు మాట్లాడింది దేశంలో ఉండిపోయే హక్కు గురించి. మనం అడుగుతున్నది అది కాదు. విదేశీయుడికి భారత్‌లో నివసించే హక్కు 21వ అధికరణం ఇవ్వదని 1991లో లూయీ డి రాయ్డ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి ఈ విషయంలో వివాదం లేదు. మన అభ్యర్థన ఇంకా చిన్నది. ప్రభుత్వం ఆ కుటుంబాన్ని ఢిల్లీలో ఉంచవచ్చు, నిఘా పెట్టవచ్చు, వారానికొకసారి పోలీసుల దగ్గర సంతకం పెట్టమనవచ్చు, తీసుకోవడానికి సిద్ధపడిన మూడో దేశానికి పంపవచ్చు. ఆ మూడో దేశం వారిని తిరిగి మయన్మార్‌కు తోసేయకుండా ఉండాలన్నదే షరతు. వదిలేయవలసింది ఒకే ఒక్క గమ్యాన్ని. ఈ వాదన నడిచే దారిలో నీకు తోడుగా ఢిల్లీ హైకోర్టు 2015లో ఇచ్చిన డాంగ్ లియాన్ ఖామ్ తీర్పు ఉంది. అందులో ఉన్నవారు కూడా మయన్మార్ వారే. పైగా మాదకద్రవ్యాల కేసులో శిక్ష పడినవారు. అయినా వెనక్కి పంపరాదన్న సూత్రాన్ని 21వ అధికరణంలో భాగంగా తీసుకోవాలని కోర్టు చెప్పింది. అలాంటివారి విషయంలోనే కోర్టు ఆగి ఆలోచించినప్పుడు, వార్తలు రాసిన మనిషి విషయంలో ఎందుకు ఆలోచించకూడదో ప్రభుత్వమే చెప్పాలి.

సలీముల్లా ఉత్తర్వులోని చివరి వాక్యాన్ని కూడా నీకు అనుకూలంగా తిప్పుకోవచ్చు. నిర్దేశించిన పద్ధతి పాటించాలి అంటే, ఆ పద్ధతి ఏమిటి? తాము శరణార్థులమని చెప్పుకునే విదేశీయుల విషయంలో ఏం చేయాలో కేంద్ర హోం శాఖ 2011 డిసెంబరు 29న రాష్ట్రాలకు ఒక కార్యవిధానం పంపింది. జాతి, మతం, రాజకీయ అభిప్రాయం వంటి కారణాలతో హింసకు గురవుతామన్న భయానికి ప్రాథమికంగా ఆధారం కనిపిస్తే, భద్రతా పరిశీలన తర్వాత దీర్ఘకాలిక వీసా కోసం ముప్ఫై రోజుల్లో కేంద్రానికి సిఫారసు చేయవచ్చని అందులో ఉంది. ఈ సంగతి రాసిన పేపరు నేను వేళ్లమీద లెక్కపెట్టగలను. నీ కుటుంబం ప్రాణభయం ఉందని చెప్పింది. ఆ మాటను ఎవరూ విచారించలేదు. నేరుగా తిప్పి పంపడానికి సిద్ధమయ్యారు. అంటే సలీముల్లా ఉత్తర్వు పెట్టిన షరతు ప్రకారమే ఈ చర్య నిలవదని వాదించవచ్చు.

అక్రమ ప్రవేశం కేసు సంగతికి వద్దాం. 2025 సెప్టెంబరు 1 నుంచి 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం, 2025 అమల్లోకి వచ్చింది. పాస్‌పోర్టు, వీసా లేకుండా ప్రవేశిస్తే అయిదేళ్ల వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. శరణార్థులకంటూ ఈ చట్టంలో వేరే అధ్యాయం లేదు. 1951 ఒప్పందంలోని 31వ అధికరణం, ప్రమాదం నుంచి నేరుగా వచ్చి ఆలస్యం చేయకుండా అధికారుల ముందుకు వెళ్లినవారిని అక్రమ ప్రవేశానికి శిక్షించవద్దంటుంది, కానీ అది మనల్ని బంధించదు. కాబట్టి ఈ కేసు చెల్లనే చెల్లదని రాయకు, చెల్లుతుంది. నువ్వు రాయవలసింది ఏమిటంటే, నేర విచారణ వేరు, వెనక్కి పంపడం వేరు. ప్రవేశించిన నేరానికి చట్టం పెట్టిన శిక్ష జైలు లేదా జరిమానా. చిత్రహింసలు చేసేవారికి అప్పగించడం ఆ శిక్షలో భాగం కాదు. ఇక వారు అదుపులో ఉన్నారు కాబట్టి 22వ అధికరణం ప్రకారం ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, శత్రుదేశపు విదేశీయులకు తప్ప ఈ రక్షణ అందరికీ ఉంది. నందితా హక్సర్ కేసులోని ఏడుగురు నీ ప్రశ్నలోని కుటుంబంలా పోలీసుల అదుపులో లేరు. ఈ తేడా నువ్వు గమనించావని పరీక్షకుడికి తెలియాలి.

వారు వాగు ఎందుకు దాటారన్నది కూడా ఇక్కడే చెప్పు. వారు మొదట గేటుకే వెళ్లారు. తలుపు తట్టినవారిని గెంటేసి, కిటికీలోంచి వచ్చారని నిందించడం న్యాయం కాదు. ఈ ఒక్క వాస్తవం నిన్ను మొదటి ఘటనకు తీసుకువెళుతుంది.

గేటు దగ్గర జరిగినదాన్ని విడిగా చూద్దాం. ప్రభుత్వ వాదన ఇలా ఉంటుంది: వారు అప్పటికి దేశంలోకి రాలేదు, రానివారిని వెనక్కి పంపడం అనే మాటే ఉండదు. 1951లో ఒప్పందం రాస్తున్నప్పుడు కూడా స్విట్జర్లాండ్, నెదర్లాండ్స్ ప్రతినిధులు దాదాపు ఇలాగే మాట్లాడారు, గుంపులుగా సరిహద్దు మీదికి వచ్చేవారి గురించి వారి భయం. తర్వాతి కాలంలో అర్థం మారింది. 33వ అధికరణంలో ఏ విధంగానైనా సరే తిప్పి పంపరాదన్న మాటలు ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ కార్యనిర్వాహక సంఘం 1977లో, ఈ సూత్రం దేశం లోపలా, సరిహద్దు దగ్గరా కూడా వర్తిస్తుందని తీర్మానించింది. భారత్ 1995 నుంచి ఆ సంఘంలో సభ్యదేశం. ఆ తీర్మానం బంధించే చట్టం కాదు, కానీ సభ్యుడిగా కూర్చున్న దేశం దాన్ని విననట్టు నటించడం కష్టం.

భూసరిహద్దు సముద్రం లాంటిది కాదు. గేటు గాలిలో ఉండదు, భారత భూమి మీద, భారత సిబ్బంది అధీనంలో ఉంటుంది. మన ప్రశ్నలోని కుటుంబం ఆ సిబ్బందికి ఎదురుగా నిలబడి మాట్లాడింది, సిబ్బంది వారిని వెనక్కి తిప్పారు. ఆ క్షణంలో వారి మీద నియంత్రణ ఎవరిదో చెప్పడానికి పటం అక్కరలేదు. రాజ్యాంగంలో కూడా నీకు ఒక చిన్న ఆధారం దొరుకుతుంది. 14వ అధికరణంలో భారత భూభాగంలో అన్న మాటలు ఉన్నాయి, 21వ అధికరణంలో అవి లేవు. ఇది నేను విద్యార్థులకు ఎప్పుడూ చూపించే తేడా. దీన్ని తేలిపోయిన న్యాయంగా కాక, వాదనగా రాయి. నందితా హక్సర్ తీర్పు అప్పటికే లోపలికి వచ్చినవారి గురించినది, గేటు దగ్గర ఆగిపోయినవారి మీద అది నేరుగా సాక్ష్యం ఇవ్వదు.

ఈ చోట చాలామంది యూరప్ తీర్పులు గుప్పిస్తారు, ఎక్కువమంది తప్పుగా. మొరాకోకు ఆనుకుని ఉన్న స్పెయిన్ పట్టణం మెలీయా దగ్గర 2014 ఆగస్టులో ఇద్దరు ఆఫ్రికన్లు, ఒకరు మాలీ నుంచి, ఇంకొకరు ఐవరీ కోస్ట్ నుంచి, కంచెలు ఎక్కి దిగారు. స్పెయిన్ సిబ్బంది వెంటనే వారిని మొరాకోకు అప్పగించారు. యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం 2020 ఫిబ్రవరి 13న, చట్టబద్ధమైన దారి ఉండగా దాన్ని వాడకుండా గుంపుగా, బలవంతంగా దూసుకువచ్చారు కాబట్టి స్పెయిన్ తప్పు చేయలేదని తీర్పు చెప్పింది. దీన్ని చదివి, అక్రమంగా వచ్చినవారికి నాన్-రిఫౌల్‌మెంట్ లేదని విద్యార్థులు రాసేస్తారు. ఆ తీర్పు సామూహిక బహిష్కరణ నిషేధం గురించినది. చిత్రహింసల నిషేధం కింద వారు పెట్టిన ఫిర్యాదును కోర్టు ముందే తోసిపుచ్చింది, వెనక్కి పంపరాదన్న బాధ్యత తగ్గలేదని కూడా చెప్పింది. కంచె భూమి తమ పరిధి కాదన్న స్పెయిన్ వాదనను కూడా ఒప్పుకోలేదు. మన కుటుంబానికి ఈ తీర్పు హాని చేయకపోగా సాయం చేస్తుంది: చట్టబద్ధమైన దారి తెరిచి ఉంటేనే దాన్ని వాడలేదని నిందించవచ్చు. వీరు ఆ దారికే వచ్చారు, అది మూసుకుంది.

దానికి జంటగా చదవవలసింది అదే సంవత్సరం జూలై 23న పోలండ్ మీద వచ్చిన తీర్పు. చెచెన్యా కుటుంబాలు బెలారుస్‌లోని బ్రెస్త్ నుంచి రైలెక్కి పోలండ్‌లోని తెరెస్పోల్ సరిహద్దుకు మళ్లీ మళ్లీ వచ్చాయి, ఆశ్రయం కావాలని అడిగాయి. ప్రతిసారీ వెనక్కి పంపారు. వారు పని కోసమో మంచి బతుకు కోసమో వచ్చామన్నారని సరిహద్దు అధికారుల నోట్స్‌లో ఉంది. దరఖాస్తుదారులు మాత్రం రాతపూర్వకంగా ఆశ్రయం కోరిన కాగితాలు చూపించారు. కోర్టు అధికారుల నోట్స్‌ను నమ్మలేదు, పోలండ్ చిత్రహింసల నిషేధాన్ని ఉల్లంఘించిందని చెప్పింది. గేటు దగ్గర కేసులు గెలిచేదీ ఓడేదీ ఈ కాగితాల మీదే. అక్కడ పలికిన మాట గాలిలో పోతుంది, సిబ్బంది రాసుకున్నది మిగులుతుంది. అందుకే నీ సమాధానంలో ఒక్క వాక్యం తప్పకుండా ఉండాలి: గేటు దగ్గర విధుల రిజిస్టరును, కెమెరా దృశ్యాలను కోర్టుకు సమర్పించమని కోరతాం అని. ప్రశ్నలో ఇచ్చిన, ప్రాణభయం ఉందని చెప్పినా, అన్న మాటలను నిరూపించేది అదే.

ఈ గేటు సమస్య ఊహ కాదు. 2021 మార్చి 26న మణిపూర్ హోం శాఖ సరిహద్దు జిల్లాలకు, మయన్మార్ నుంచి వచ్చేవారికి శిబిరాలు తెరవవద్దని, ఆశ్రయం కోరి వచ్చేవారిని మర్యాదగా తిప్పి పంపమని ఉత్తర్వు పంపింది. జనం నిరసించారు, మూడు రోజుల్లో దాన్ని ఉపసంహరించుకున్నారు. మర్యాదగా తిప్పి పంపడమన్న మాట నాకు ఇప్పటికీ గుండెలో ముల్లులా గుచ్చుకుంటుంది. ప్రమాదం దగ్గరికి పంపేటప్పుడు మర్యాద మనిషిని కాపాడదు. మీ విశాఖలో బర్మా క్యాంపు అనే పేట ఉంది కదా. 1942లో జపాను సైన్యం వస్తుంటే బర్మా నుంచి కాలినడకన పారిపోయి వచ్చిన భారతీయుల్లో ఎందరో ఈ తమూ, మోరే దారిలోనే ఇంఫాల్ చేరారు. బర్మాలో పొట్టపోసుకున్న తెలుగువారికీ ఆ నడక తెలుసు. పరీక్షలో ఇది రాయనక్కరలేదు, నువ్వు తెలుసుకుని ఉంటే చాలు.

భయానికి ఆధారం చూపే భాగాన్ని విద్యార్థులు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది కూడా సరికాదు. దేశంలో పరిస్థితి బాగాలేదంటే సరిపోదు, ఈ మనిషికి ముప్పు ఉందని చూపాలి. అతను రాసిన వార్తలు, వాటి తేదీలు, అతను పనిచేసిన సంస్థ అనుమతి రద్దయిందా, ఇంటికి పోలీసులు వచ్చారా, సహోద్యోగులు అరెస్టయ్యారా. సైన్యం 2021 ఫిబ్రవరిలోనే మయన్మార్ శిక్షాస్మృతిలో 505-ఎ అనే సెక్షన్ చేర్చి, భయం కలిగించే లేదా అబద్ధపు వార్తల పేరుతో మూడేళ్ల వరకు జైలు పెట్టింది. విలేకరులను పట్టుకోవడానికి వాడిన ఆయుధం అదే. అతని కథనం ఒకటి ఆ సెక్షన్ కిందికి వస్తుందని చూపిస్తే, భయం రాజకీయ అభిప్రాయం కారణంగా కలిగిందన్నది దానంతట అదే తేలుతుంది. భార్య, బిడ్డల ముప్పు వేరే కాగితం అడగదు. కావలసిన మనిషి దొరకనప్పుడు అతని ఇంటివారిని పట్టుకునే అలవాటు సైన్యానికి ఉందని చెప్పే నివేదికలు జతపరచవచ్చు. పిల్ల విషయంలో 1992లో మనం చేరిన బాలల హక్కుల ఒడంబడికను తప్పక చెప్పు.

ప్రశ్నలో లేని ఒక ప్రమాదం ఉంది. తిప్పి పంపే ముందు జాతీయతను నిర్ధారించుకోవడానికి అధికారులు మయన్మార్ రాయబార కార్యాలయానికి పేర్లు పంపుతారు. అంటే ఎవరి నుంచి పారిపోయారో వారికే, ఫలానా విలేకరి ఫలానా చోట ఉన్నాడని చెప్పడం. అక్కడ మిగిలిన అతని తల్లిదండ్రులకూ, తోబుట్టువులకూ ఏమవుతుందో ఊహించు. మధ్యంతర ఉపశమనం వెంటనే అడగడానికి కారణం ఇదే.

కాబట్టి నీ సమాధానం చివరన ఒక పేరా కోర్టును ఏం కోరుతున్నామో చెప్పాలి. మణిపూర్ హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్ వేస్తాం. తుది నిర్ణయం వచ్చేవరకు మయన్మార్‌కు పంపరాదనీ, వారి వివరాలు ఆ దేశ రాయబార కార్యాలయానికి ఇవ్వరాదనీ మధ్యంతర ఉత్తర్వు కోరతాం. 2011 కార్యవిధానం ప్రకారం వారి మాట విని నిర్ణయం తీసుకోమని, అంతలో ఢిల్లీ వెళ్లి ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఎదుట ఇంటర్వ్యూకు హాజరవడానికి సురక్షిత ప్రయాణం ఏర్పాటు చేయమని కోరతాం. అక్రమ ప్రవేశం కేసులో బెయిలు కోసం మేజిస్ట్రేటు కోర్టులో వేరే దరఖాస్తు వేస్తాం. తల్లినీ బిడ్డనూ విడదీయవద్దని ఆ దరఖాస్తులోనే అడగాలి.

ఈ సమస్యనే మళ్లీ ఒకసారి రాసి చూడు. ఈసారి 33వ అధికరణాన్ని మొదటి పేరాలో ఒక వాక్యంలో చెప్పి వదిలేయి, 21వ అధికరణంతో మొదలుపెట్టు. రాసింది పంపిస్తే చూసి పెడతాను.